నర్సింగ్ ఎడ్యుకేషన్ ఎస్ఓపీలో పేషెంటు కథ వద్దు, స్టూడెంటు కథ రాయండి

ప్రశ్న: గవర్నమెంట్ ఆసుపత్రిలో ఆరేళ్ళుగా స్టాఫ్ నర్సుని. బయటి దేశంలో నర్సింగ్ ఎడ్యుకేషన్ మాస్టర్స్‌కి అప్లై చేస్తున్నాను. స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో ఏం రాయాలి? కన్సల్టెన్సీ వాళ్ళు ఇచ్చిన శాంపిల్ వాడుకోవచ్చా?

ఆ శాంపిల్ పక్కన పడేయండి. నేను వాడి చూశాను, డబ్బులిచ్చి మరీ. "చిన్నప్పటి నుంచి రోగులకు సేవ చేయాలన్న తపన నాలో ఉండేది" అని మొదలైంది. నాకు చిన్నప్పుడున్న తపన సంతలో జీళ్ళ మీద. మా పిన్ని నర్సు, ఉద్యోగం తొందరగా వస్తుందంది, చేరాను. ఆ ఎస్ఓపీతో రెండు చోట్ల అప్లై చేస్తే రెండు చోట్లా కుదరదన్నారు. మరుసటి ఏడాది సొంతంగా రాసుకున్నదానితో సీటు వచ్చింది. మధ్యలో నా మార్కులూ మారలేదు, సర్వీసు ఒక్క ఏడాదే పెరిగింది. కాబట్టి తేడా ఎస్ఓపీలోనే ఉందని నా గట్టి నమ్మకం, ఎవరు కాదన్నా సరే.

మొదటిదాంట్లో నా తప్పేమిటంటే, పేషెంటు కథ రాశాను. చావు బతుకుల్లో ఉన్నామెను రాత్రంతా కూర్చుని చూసుకున్నాను, పొద్దున్న ఆమె నా చెయ్యి పట్టుకుంది అని. అది నిజమే. కానీ అది చదివినాయన "అయితే ఈవిడ క్రిటికల్ కేర్‌కి వెళ్ళచ్చు కదా, ఎడ్యుకేషన్ ఎందుకు?" అనుకుంటాడు. నర్సింగ్ ఎడ్యుకేషన్ అంటే నేర్పడం. మీరు ఎవరికి ఏం నేర్పారు, వాళ్ళకి వచ్చిందో రాలేదో మీకెలా తెలిసింది, ఈ రెండూ లేని ఎస్ఓపీ ఎంత బాగున్నా ఇంకో కోర్సుకి రాసినట్టే ఉంటుంది.

నా సంగతే చెప్తాను. మాది పర్లాకిమిడి వైపు, ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు. మా ఇంట్లో తెలుగు, వార్డులో ఒడియా, కొండల మీంచి దిగే గర్భిణులది సవర. లేబర్ రూమ్‌లో నా డ్యూటీ. ఇప్పుడు మా పోస్టుని నర్సింగ్ ఆఫీసర్ అంటున్నారు, పేరు పెరిగింది గానీ చేసే పనులు అవే. జీఎన్ఎం స్టూడెంట్లు మా దగ్గరికి పోస్టింగ్‌కి వస్తారు. మమ్మల్ని దిదీ అంటారు.

ఒక రాత్రి కొండ ఊరి నుంచి ఒకామెను తెచ్చారు. దారిలోనే ఫిట్స్ వచ్చాయి, బీపీ 170/110. డాక్టరు మ్యాగ్‌సల్ఫ్ లోడింగ్ డోస్ చెప్పారు. అంటే ముందు 4 గ్రాములు నరంలోకి, తర్వాత పిరుదుల్లో చెరో వైపు 5 గ్రాములు. నాతో ఉన్న ఫైనలియర్ అమ్మాయిని మందు లోడ్ చెయ్యమన్నాను. మా దగ్గర వచ్చే ఆంప్యూల్ 2 ఎమ్మెల్, అందులో 1 గ్రాము, అంటే 50 పర్సెంట్ మందు. ఆ పిల్ల నాలుగు ఆంప్యూల్స్ విరిచింది, పెద్ద సిరంజిలోకి 8 ఎమ్మెల్ లాగింది, గాలి తీసింది, "దిదీ, రెడీ" అంటూ కాన్యులా వైపు తిరిగింది. లెక్క ప్రకారం 4 గ్రాములే. కానీ నరంలోకి ఇచ్చేది 20 పర్సెంట్‌కి పలచన చెయ్యాలి. ఆ 8 ఎమ్మెల్‌కి 12 ఎమ్మెల్ సెలైన్ కలిపి మొత్తం 20 చేసి, గడియారం చూసుకుంటూ కనీసం అయిదు నిమిషాలైనా పట్టేలా నెమ్మదిగా ఇవ్వాలి. చిక్కటి మందు ఒక్కసారిగా లోపలికి పోతే ఊపిరే ఆగిపోవచ్చు. నేను ఆ అమ్మాయి మణికట్టు పట్టుకుని ఆపాను. అరవలేదు, అరవడానికి టైమ్ లేదు.

తెల్లారుజామున టీ తాగుతూ అడిగాను, డోస్ చెప్పమ్మా అని. గడగడా చెప్పింది. ఎంత ఐవీ, ఎంత ఐఎమ్, తర్వాత 4 గంటలకోసారి 5 గ్రాములు, దానికి ముందు మోకాలి రిఫ్లెక్స్ చూడాలి, ఊపిరి నిమిషానికి 16కి తగ్గకూడదు, యూరిన్ గంటకి కనీసం 30 ఎమ్మెల్, విరుగుడు కాల్షియం గ్లూకోనేట్. "20 పర్సెంట్ సొల్యూషన్" అని కూడా తనే చెప్పింది. 20 పర్సెంట్ అంటే ఏమిటమ్మా అంటే కప్పులోకి చూసింది. ఆ మాట తనకి మందు పేరులో భాగంలా వినిపించిందే తప్ప ఒక లెక్కలా వినిపించలేదు. ఈ అమ్మాయి పరీక్షలో ఇదే ప్రశ్నకి ఫుల్ మార్కులు తెచ్చుకుని ఉంటుంది.

ఇక్కడ నా కడుపుమంట కొంచెం చెప్పుకోనివ్వండి. లాగ్‌బుక్‌లో ఈ ప్రొసీజర్ ఇన్నిసార్లు చూశాను, ఇన్నిసార్లు చేశాను అని గళ్ళుంటాయి. పోస్టింగ్ ఆఖరి రోజు పిల్లలు పుస్తకాల కట్ట తెస్తారు, మేము నిలబడే సంతకాలు పెట్టేస్తాం. నేనూ పెట్టాను. పోస్టింగ్‌లో సగం రోజులు వాళ్ళు బెడ్ షీట్లు మార్చడం, ల్యాబ్‌కి శాంపిళ్ళు మోయడం. క్లాసులో స్లైడ్ చదవడం, వార్డులో మోయడం, మధ్యలో నేర్పింది ఎవరు? అడిగితే "అది ట్యూటర్ పని" అంటారు వార్డు వాళ్ళు, "అది వార్డు పని" అంటారు ట్యూటర్లు.

సరే, అసలు విషయం. మర్నాటి నుంచి ఖాళీ ఆంప్యూల్స్ దాచాను. విరిగిన మూతుల చుట్టూ ప్లాస్టర్ అతికించి, ఒక్కోదాంట్లో 2 ఎమ్మెల్ నీళ్ళు నింపి, ఆరుగురు స్టూడెంట్లకి చేసి చూపించాను. "అర్థమైందా?" అంటే ఆరుగురూ తలూపారు. అక్కడితో ఆగి ఉంటే నాకు ఎస్ఓపీ ఉండేది కాదు. వారం తర్వాత ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, ఏమీ చెప్పకుండా లోడ్ చెయ్యమన్నాను. నలుగురు సరిగ్గా చేశారు. ఒకమ్మాయి పలచన చెయ్యడమే మర్చిపోయింది. ఇంకో అమ్మాయి 8 ఎమ్మెల్ మందు గిన్నెలో పోసి, దానికి 20 ఎమ్మెల్ నీళ్ళు కలిపింది.

ఈ రెండో తప్పు చూడండి. మొత్తం 28 ఎమ్మెల్ అయింది. సిరంజి పట్టేది 20. మిగతా 8 గిన్నెలోనే ఉండిపోయాయి. అంటే నిజంగా ఇస్తే పేషెంటుకి వెళ్ళేది 4 గ్రాములు కాదు, సుమారు 2.9. ఫిట్స్ మళ్ళీ వస్తే మందు పనిచేయలేదనుకుంటాం. ఎందుకలా చేశావంటే, "మీరే కదా దిదీ, 20 ఎమ్మెల్ కలపమన్నారు" అంది. నేను అనుకున్నది 20 అయ్యేలా కలపమని. నా ఒడియా తెలుగు నోటితో మాట్లాడే ఒడియా, ఆ అమ్మాయి ఇంట్లో మాట్లాడేది సవర. తప్పు చేసింది తను, చేయించింది నా వాక్యం. గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే పాఠాలు రాసిన ఊరు మాది. ఆయన పేరు చెప్పుకుని ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. ఆయన చేసిన పని మాత్రం నాకు ఆ రోజుదాకా గుర్తు రాలేదు.

నా రెండో ఎస్ఓపీ మొదలైంది ఆ గిన్నెతోనే. ఇంగ్లీషులో రాసినదాన్ని తెలుగులో చెప్తే ఇలా ఉంటుంది: "ఆరుగురికి నేర్పాను, ఆరుగురూ అర్థమైందన్నారు. వారం తర్వాత చేయించి చూస్తే ఇద్దరికి రాలేదు. ఒకరి తప్పుకి కారణం నా మాట. రెండో ఆమె ఎందుకు మర్చిపోయిందో కనిపెట్టే పద్ధతి నా దగ్గర లేదు." ఈ చివరి వాక్యం దగ్గర మా ఆయన ఆగి, "మనకి చేతకాదని మనమే రాసుకుంటే సీటిస్తారా?" అన్నారు. అదే ఉంచాలని పట్టుబట్టాను. మీకు రానిది ఏదో స్పష్టంగా చెప్తేనే ఆ కోర్సు మీకెందుకో తెలుస్తుంది. అన్నీ వచ్చినావిడకి మాస్టర్స్ దేనికి?

ఆ తర్వాతి పేరా ఆ కొరతకి మందు. ప్రోగ్రామ్ పేజీలో మాడ్యూల్స్ ఉంటాయి. వాటిలో ఒకటో రెండో మీ కథకి తగిలేవి తీసుకోండి, పది పేర్లు ఏకరువు పెట్టొద్దు. నేను తీసుకుంది అసెస్‌మెంట్ మాడ్యూల్. జార్జ్ మిల్లర్ అనే ఆయన 1990లో నాలుగు మెట్లు చెప్పాడు: తెలియడం, ఎలాగో తెలియడం, చేసి చూపించడం, నిజం డ్యూటీలో చెయ్యడం. ఆ రాత్రి నాతో ఉన్న అమ్మాయి పరీక్ష పాసైంది మొదటి మెట్టు మీద, నేను నిలబెట్టింది నాలుగో మెట్టు మీద, మధ్య రెండూ ఎవరూ కట్టలేదు. ఇంతే రాశాను. చదివిన థియరీలన్నీ గుచ్చితే పరీక్ష పేపర్లా ఉంటుంది.

ఇంకో జాగ్రత్త. పేషెంటు ఊరు, వయసు, తేదీ రాయకండి. స్టూడెంటుని తెలివితక్కువదానిలా చూపించకండి. ఆసుపత్రిని తిట్టకండి, పైన నేను లాగ్‌బుక్ గురించి కక్కింది ఎస్ఓపీలో లేదు. నైట్ డ్యూటీలు చెయ్యలేక టీచింగ్‌కి వెళ్తున్నాననే వాసన కూడా రాకూడదు, అది నిజమైనా సరే. నిడివి వాళ్ళు చెప్పినంతే. నాకు 800 పదాలన్నారు, అందులో 300 ఆ రాత్రికీ ఆ గిన్నెకీ పోయాయి. కుటుంబం, చదువు, సర్టిఫికెట్లు నాలుగు వాక్యాల్లో తేల్చేశాను. అవన్నీ ఎలాగూ రెజ్యూమేలో ఉంటాయి.

మీరు మన దగ్గరే ఎమ్మెస్సీ నర్సింగ్ కూడా చూస్తుంటే ఇదంతా అంతగా పనికిరాదు. ఇక్కడ నర్సింగ్ ఎడ్యుకేషన్ మొదటి ఏడాదిలో ఒక సబ్జెక్టు, స్పెషాలిటీ మెడికల్ సర్జికలో, ఓబీజీయో, కమ్యూనిటీయో తీసుకోవాలి.

రికమండేషన్ లెటర్ పెద్ద హోదా ఉన్నవాళ్ళ దగ్గరే తీసుకోవాలని లేదు. మీరు నేర్పుతుండగా చూసినవాళ్ళ దగ్గర తీసుకోండి. నాకు ఒకటి మా వార్డు సిస్టర్ ఇన్‌ఛార్జి రాశారు. పంపే ముందు చదవమని ఇచ్చారు. బ్లూ డబ్బాలో వెయ్యాల్సిన ఖాళీ ఆంప్యూల్స్ డ్రాయర్లో దాచుకుంటుంటే ఈమెకి రెండుసార్లు నోటిమాటగా వార్నింగ్ ఇచ్చానని, మూడోసారి ఇవ్వబోయి డ్రాయర్ పక్కన నిలబడి క్లాసు విన్నానని రాశారు.