షుగర్ ఫ్రీ బిస్కెట్లు తిన్నా షుగర్ పెరిగింది, కంపెనీ మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు, చాలా కాలంగా షుగర్ ఉంది. రోజూ సాయంత్రం టీతో నాలుగు 'షుగర్ ఫ్రీ' బిస్కెట్లు తింటారు, రాత్రి పాలలో 'నో యాడెడ్ షుగర్' అని ఉన్న హెల్త్ డ్రింక్ పొడి కలుపుకుంటారు. ఈ రెండూ మొదలుపెట్టాక తిన్న తర్వాత చూసే షుగర్ 260 దాకా వెళ్తోంది. బిస్కెట్ ప్యాకెట్ వెనక 100 గ్రాములకు కార్బోహైడ్రేట్ 68, టోటల్ షుగర్స్ 0.4 అని ఉంది. డ్రింక్ డబ్బా మీద టోటల్ షుగర్స్ 24, యాడెడ్ షుగర్స్ 0 అని ఉంది, పదార్థాల్లో మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్, పాల పొడి, ఖర్జూరం పొడి రాశారు. బిస్కెట్ కంపెనీ మోసం చేసిందని మా అనుమానం. కేసు నిలుస్తుందా? (తెనాలి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీరు అనుమానిస్తున్నది బిస్కెట్ కంపెనీని. మీరు పంపిన వివరాలు చూస్తే మాత్రం అడగాల్సిన ప్రశ్న డ్రింక్ డబ్బా మీద ఉంది. రెండూ విడివిడిగా చెబుతాను.

ముందు బిస్కెట్లు. ప్యాకెట్ మీద ఏం చెప్పొచ్చో, ఎప్పుడు చెప్పొచ్చో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో తెచ్చిన అడ్వర్టైజింగ్ అండ్ క్లెయిమ్స్ రెగ్యులేషన్స్ చెబుతాయి. 'షుగర్ ఫ్రీ' అని వేసుకోవాలంటే 100 గ్రాముల్లో చక్కెరలు 0.5 గ్రాముకు మించకూడదు. మీ ప్యాకెట్ మీద 0.4 ఉంది. అంటే కాగితం మీద కంపెనీ గీత దాటలేదు. ఇక్కడ చక్కెరలు అంటే పంచదార, గ్లూకోజ్, ఫ్రక్టోజ్, లాక్టోజ్, మాల్టోజ్ లాంటివి మాత్రమే. మైదా, గోధుమ పిండి, పిండి పదార్థం నుంచి తీసే మాల్టోడెక్స్ట్రిన్ అనే పొడి ఈ లెక్కలోకి రావు. తీపి కోసం వేసే మాల్టిటాల్, సార్బిటాల్ కూడా రావు. కానీ పిండి అరిగాక అయ్యేది గ్లూకోజే. మాల్టోడెక్స్ట్రిన్ అయితే రక్తంలో గ్లూకోజ్‌ని దాదాపు గ్లూకోజ్ తాగినంత వేగంగా పెంచుతుంది. ఇవన్నీ వేసుకుని కూడా ప్యాకెట్ ముందు 'షుగర్ ఫ్రీ' అని అచ్చు వేయడానికి ఇవాళ్టి చట్టం ఒప్పుకుంటోంది. షుగర్ ఉన్నవాళ్లు ఆ రెండు మాటలు చూసే కొంటారని అందరికీ తెలుసు కాబట్టి, ఇది మారాల్సిన నిబంధన అని నా గట్టి అభిప్రాయం. కానీ మారేదాకా వినియోగదారుల కమిషన్ ముందు నిలబడేది ఉన్న నిబంధనే.

నాన్నగారి నాలుగు బిస్కెట్ల లెక్క చూద్దాం. ఒక్కోటి 8 గ్రాములనుకుంటే మొత్తం 32 గ్రాములు. 100 గ్రాములకు 68 చొప్పున దాదాపు 22 గ్రాముల కార్బోహైడ్రేట్ లోపలికి వెళ్లినట్టు. అందులో కొంత మాల్టిటాల్ అయితే అది పూర్తిగా గ్లూకోజ్‌గా మారదు, మిగిలిందంతా పిండే. రెండు చిన్న ఇడ్లీలు తిన్నప్పుడు వెళ్లేది కూడా ఇంచుమించు ఇంతే. ఎవరైనా "రోజూ టీతో రెండు ఇడ్లీలు తినండి నాన్నా, షుగర్ పెరగదు" అంటే మీరు నమ్మరు కదా. ప్యాకెట్ మీద పెద్దక్షరాలతో ఉంటే నమ్మేస్తున్నాం. అందుకే షుగర్ ఉన్న ఇంట్లో ముందు చూడాల్సింది టోటల్ షుగర్స్ వరుస కాదు, దాని పైన ఉండే కార్బోహైడ్రేట్ వరుస. ఇంకో సంగతి, 'ఒక సర్వ్' అని రాసిన చోట ఎన్ని బిస్కెట్లో చూడండి. అక్కడ రెండే రాసి ఉండి నాన్నగారు నాలుగు తింటుంటే ఆ అంకెలన్నీ రెట్టింపు చేసుకోవాలి.

బిస్కెట్ కంపెనీ మీద కేసు నిలబడాలంటే దారి ఒకటే, ఆ 0.4 అన్న అంకె అబద్ధమని ల్యాబ్ పరీక్షలో తేలాలి. మీ గ్లూకోమీటర్‌లో 260 వచ్చిందన్నది అందుకు సాక్ష్యం కాదు. అన్నం ఎంత తిన్నారు, మాత్ర ఆ రోజు వేసుకున్నారా, రాత్రి ఆ పాలు తాగారా అని అవతలి లాయరు మొదట అడిగేది అదే, న్యాయంగా అడగాల్సిందీ అదే.

ఇప్పుడు డ్రింక్ డబ్బా దగ్గరికి రండి. 'నో యాడెడ్ షుగర్' అన్నది 'షుగర్ ఫ్రీ' కంటే వేరే మాట, దాని షరతులూ వేరు. ఇందులో చక్కెర ఎంత ఉండాలన్న పరిమితి లేదు. ఎలా వచ్చిందన్నదే ప్రశ్న. పంచదార, తేనె, బెల్లం, గ్లూకోజ్ సిరప్ లాంటివి ఏవీ కలపకూడదు. జామ్, తీపి చాక్లెట్ లాగా చక్కెర ముందే ఉన్న పదార్థాలూ వేయకూడదు. పంచదారకు బదులుగా పనిచేసే పదార్థాలు, అంటే చిక్కబరిచిన పండ్ల రసం, ఎండు పండ్ల ముద్ద లాంటివి కూడా వాడకూడదని అదే 2018 రెగ్యులేషన్స్ చెబుతాయి. ఎంజైములతో పిండిని విరగ్గొట్టి చక్కెర పెంచడం కూడా కుదరదు.

మీ డబ్బాలో ఖర్జూరం పొడి ఉంది. ఖర్జూరంలో సగానికి పైగా చక్కెరే. దాన్ని ఎండబెట్టి పొడి చేసి తీపి కోసం కలిపితే అది ఎండు పండ్ల ముద్ద కంటే ఎలా వేరో కంపెనీ చెప్పాల్సి ఉంటుంది. వాళ్లు చెప్పేదేమిటో కూడా ఊహించగలం, "ఖర్జూరం వేసింది ఐరన్ కోసం, పీచు కోసం, తీపి కోసం కాదు" అంటారు. అప్పుడు పదార్థాల జాబితాలో వరుస పనికొస్తుంది. బరువులో ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది చివర రాయాలన్నది నిబంధన. మీ డబ్బా మీద ఖర్జూరం మూడో స్థానంలో ఉంది, విటమిన్లు, ఫ్లేవర్‌లు దాని తర్వాత ఉన్నాయంటే చిటికెడు వేసినట్టు కాదు. తీపికి దాన్ని మించి ఇంకేదీ జాబితాలో కనబడకపోతే మీ వాదన ఇంకా బలపడుతుంది. మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ విషయంలోనూ వాదన ఉంది, బార్లీని మొలకెత్తించి, అందులోని ఎంజైములతోనే పిండిని మాల్టోజ్‌గా మార్చి తీసేదే అది. అయితే ఇక్కడ కంపెనీకి కూడా గట్టి జవాబు ఉంటుంది కాబట్టి మీ ఫిర్యాదుకు మూలస్తంభంగా ఖర్జూరాన్నే పెట్టుకోండి, మాల్ట్‌ని రెండో అంశంగా రాయండి.

రోజుకు 30 గ్రాముల పొడి 200 మిల్లీలీటర్ల పాలలో కలుపుతున్నారనుకుందాం. పొడి నుంచి 7 గ్రాముల పైన చక్కెర, పాలలో సహజంగా ఉండే లాక్టోజ్ మరో 9, 10 గ్రాములు. పొడిలోని మిగతా పిండి పదార్థం దీనికి అదనం. రాత్రి పడుకునే ముందు ఇది రోజూ వెళ్తోంది. 'హెల్త్ డ్రింక్' అన్న పేరు చూసి ధైర్యపడకండి. ఆ పేరుతో ఆహార భద్రతా చట్టంలో ఏ ప్రమాణమూ లేదు. 2024 ఏప్రిల్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆన్‌లైన్ అమ్మకపు సైట్లకు మాల్ట్, పాలు, ధాన్యాలతో చేసే పానీయాలను ఆ విభాగంలో పెట్టొద్దని చెప్పింది కూడా.

ఇక ఏం చేయాలి. తెరిచిన డబ్బా పారేయకండి, మూతతో సహా దాచండి. అదే బ్యాచ్ నంబరు ఉన్నవి తెరవనివి రెండు కొని, బిల్లు తీసుకోండి. బిల్లు లేకపోతే కేసు కుంటుతుంది, కిరాణా కొట్టు అయినా అడిగి తీసుకోండి. డబ్బా ముందు, వెనక, బ్యాచ్ నంబరు, లైసెన్సు నంబరు స్పష్టంగా ఫొటో తీయండి. వెబ్‌సైట్‌లో లేదా ప్రకటనలో 'డయాబెటిస్ ఉన్నవాళ్లకు మంచిది, షుగర్‌ని అదుపులో పెడుతుంది' లాంటి మాట ఉంటే దానికీ స్క్రీన్‌షాట్ తీసుకోండి. ప్రత్యేకంగా అనుమతి ఉంటే తప్ప ఆహారం జబ్బును నయం చేస్తుందని, తగ్గిస్తుందని చెప్పడం నిషిద్ధం కాబట్టి, ఆ ఒక్క మాట దొరికితే మీ పని చాలా తేలికవుతుంది.

ఆ తర్వాత రెండు దారులు, రెండూ ఒకేసారి నడవొచ్చు. ఒకటి, ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో గానీ మీ జిల్లా ఫుడ్ సేఫ్టీ అధికారికి గానీ ఫిర్యాదు. తప్పుడు లేబుల్ అని తేలితే 2006 ఆహార భద్రతా చట్టం సెక్షన్ 52 కింద 3 లక్షల దాకా, తప్పుదోవ పట్టించే ప్రకటన అయితే సెక్షన్ 53 కింద 10 లక్షల దాకా జరిమానా పడొచ్చు. ఆ డబ్బు ప్రభుత్వానికి వెళ్తుంది, మీకు రాదు. బిస్కెట్ల అంకె మీద మీకు అనుమానం తీరకపోతే సెక్షన్ 40 ప్రకారం ఫీజు కట్టి ఫుడ్ అనలిస్ట్‌తో మీరే పరీక్ష చేయించుకోవచ్చు. కానీ ఒక షరతు ఉంది, కొనేటప్పుడే అమ్మేవాడికి పరీక్షకు పంపుతానని చెప్పాలి. చాలామంది ఇది తెలియక ఇంట్లో ఉన్న ప్యాకెట్ పట్టుకెళ్తారు.

రెండోది జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక మీరు నివసించే జిల్లాలోనే వేయొచ్చు, కంపెనీ ముంబయిలో ఉన్నా మీకు గుంటూరే. కొన్న వస్తువు విలువ 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. తెరవని డబ్బాకు సీలు వేయించి ల్యాబ్‌కు పంపమని కమిషన్‌ని అక్కడే అడగండి, సెక్షన్ 38 ఆ వీలు ఇస్తుంది, ఖర్చు ముందు మీరు కట్టాల్సి రావచ్చు. ఏం కోరాలంటే, డబ్బా ధర వాపసు, నష్టపరిహారం, ఖర్చులు, లేబుల్ మీద ఆ మాట తీసేయమన్న ఆదేశం. ఆసుపత్రిలో చేరాల్సి రాలేదు కాబట్టి పరిహారం పెద్ద మొత్తంలో వస్తుందని ఆశ పెట్టను. నాన్నగారి విషయంలో ఆ చివరి కోరికే విలువైనది, అదే డబ్బా ఇంకా ఎన్ని ఇళ్లలో షుగర్ ఉన్నవాళ్ల గ్లాసులోకి వెళ్తోందో కదా.

వైద్యపరంగా రుజువు కూడబెట్టుకోవాలంటే ముందు ఈ రెండూ మానిపించండి. అవి తిన్న రోజుల రీడింగులు, మానిన రోజుల రీడింగులు తేదీలతో, ఆ రోజు తిన్న భోజనంతో సహా ఒక నోటుబుక్‌లో రాసి డాక్టర్ గారికి చూపించండి, ఆయన కేస్ షీట్‌లో రాస్తే కమిషన్ ముందు దానికి విలువ ఉంటుంది. రుజువు కోసం మళ్లీ తినిపించి చూడటం లాంటిది మాత్రం చేయకండి, మాత్రల మోతాదు కూడా డాక్టర్ గారిని అడగకుండా మార్చకండి.

గడువు రెండేళ్లు, కానీ డబ్బా మీద ఎక్స్‌పైరీ తేదీ అంతకంటే ముందే వచ్చేస్తుంది. గడువు తీరిన సరుకును పరీక్షిస్తే అభ్యంతరం పెట్టే అవకాశం కంపెనీకి దొరుకుతుంది కాబట్టి, ఫిర్యాదు ఈ నెలలోనే దాఖలు చేయండి.