రేఖాంశం లెక్క తప్పితే గట్టు తగాదా వస్తుంది

ప్రశ్న: అక్షాంశాల్లో ఒక డిగ్రీ అంటే ఎక్కడైనా 111 కిలోమీటర్లే, రేఖాంశాల్లో డిగ్రీ మాత్రం ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ తగ్గిపోతుంది అంటారు. ఎందుకలా? దీనివల్ల మనలాంటి మామూలు వాళ్లకి ఏమైనా తేడా పడుతుందా?

చాలా తేడా పడుతుందండీ. ధ్రువాల దాకా పోనక్కర్లేదు, మన విశాఖ చుట్టుపక్కలే రెండెకరాల పొలంలో పది సెంట్లు తేడా వస్తుంది. నేను ఇక్కడ భూముల సర్వే చేసుకునేవాణ్ణి కాబట్టి ఆ పది సెంట్ల సంగతి కూడా చెప్తాను. ముందు ఎందుకన్నది చూద్దాం.

ఉత్తర ధ్రువం నుంచి దక్షిణ ధ్రువం దాకా భూమి మధ్యలోంచి ఒక ఇరుసు దూర్చినట్టు ఊహించుకోండి. మీరు నేరుగా ఉత్తరానికి నడుస్తుంటే, విశాఖ నుంచి బయల్దేరినా, ఆస్లో నుంచి బయల్దేరినా, మీరు నడిచేది రెండు ధ్రువాల మీదుగా భూమిని చుట్టే పెద్ద వలయం మీద. అలాంటి వలయాలన్నీ ఒకే కొలత, సుమారు 40,008 కిలోమీటర్లు. 360తో భాగిస్తే 111 పైచిలుకు. అందుకే అక్షాంశాల డిగ్రీ మారదు.

తూర్పుకి నడిస్తే కథ వేరు. ఒకే అక్షాంశం మీద తూర్పుకే నడుస్తూ పోతే ఆ ఇరుసు చుట్టూ తిరుగుతారు. ఆ వలయం ఎంత పెద్దదన్నది మీరు ఇరుసుకి ఎంత దూరంలో ఉన్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. భూమధ్యరేఖ మీద ఆ దూరం 6,378 కిలోమీటర్లు, విశాఖలో సుమారు 6,080. ధ్రువం దగ్గర ఇరుసు మీదే నిలబడతారు కాబట్టి సున్నా. వలయం చిన్నదైనా పెద్దదైనా దాన్ని 360 ముక్కలే చేస్తారు. చిన్న వలయంలో ముక్క కూడా చిన్నదే. భూమధ్యరేఖ దగ్గర ముక్క 111.3 కిలోమీటర్లు, విశాఖలో 106, శ్రీనగర్‌లో 92, ఆస్లో, హెల్సింకీ ఉన్న 60 డిగ్రీల దగ్గర 56 కంటే కాస్త తక్కువ.

ఇక్కడ ఒకటి గమనించండి. భూమధ్యరేఖ నుంచి విశాఖ దాకా దాదాపు 18 డిగ్రీలు పైకి వచ్చినా ఐదు శాతం కూడా తగ్గలేదు. ఎందుకంటే భూమధ్యరేఖ దగ్గర నేల ఇరుసుకి సమాంతరంగా ఉంటుంది. ఉత్తరానికి ఎంత నడిచినా ఇరుసుకి దగ్గరవడం బాగా తక్కువ. పైకి పోయేకొద్దీ నేల ఇరుసు వైపు వాలుతుంది, అక్కణ్ణుంచి తగ్గుదల జోరందుకుంటుంది. దక్షిణాదిలో ఈ తేడాని ఎవరూ పట్టించుకోకపోవడానికి కారణం ఇదే. తెలియకుండా ముంచేది కూడా ఈ ఐదు శాతమే.

ఇప్పుడు పొలం సంగతి. ఆనందపురం దాటాక లోపలికి ఒక రెండెకరాల చెక్క. కొనేవాళ్లు సిటీ వాళ్లు, బయానా ఇచ్చేశారు. కొలిచినంత భూమికే డబ్బు అన్నది ఒప్పందం. అమ్మే ఆయన ఎవరో కుర్రాణ్ణి పిలిపించి రోవర్ అనే శాటిలైట్ సర్వే యంత్రంతో నాలుగు మూలలూ తీయించాడు. ఆ కుర్రాడు ఎక్సెల్‌లో లెక్క కట్టి 209 సెంట్లు అని కాగితం ఇచ్చాడు. రికార్డులో ఉన్నది 200. అమ్మే ఆయనకి పట్టరాని సంతోషం. "మా తాతలు గొలుసుతో కొలిచిందే తప్పండి, ఇది శాటిలైట్ లెక్క" అని అందరికీ చెప్పుకున్నాడు.

కొనేవాళ్లు టేపు పట్టించారు. ఉత్తర దక్షిణాలు సరిపోయింది. తూర్పు పడమర మాత్రం నాలుగు మీటర్ల పైనే తక్కువ వచ్చింది. ఇంక చూడండి. తూర్పు వైపు గట్టు అవతల ఉన్న రైతు మీద పడ్డారు. "గట్టు జరిపీసినాడండి, నాలుగు మీటర్లు తినీసినాడు" అని అమ్మే ఆయన కేకలు. ఆ పక్క రైతు పెద్దాయన. తాటిచెట్ల వరస చూపించి, "ఈ చెట్లు మా నాన్న పెట్టినవి బాబూ, చెట్లు కూడా జరిపీసినానేటి?" అని అడుగుతున్నాడు. నన్ను పిలిచేసరికి వ్యవహారం స్టేషన్ దాకా పోయేలా ఉంది.

నేను ముందు పొలంలోకి దిగలేదు, కాగితం అడిగాను. మూలల కోఆర్డినేట్లు బాగానే ఉన్నాయి. దక్షిణం మూలకీ ఉత్తరం మూలకీ తేడా 0.00080 డిగ్రీలు, పడమరకీ తూర్పుకీ తేడా 0.00086 డిగ్రీలు. ఆ కుర్రాడు రెండింటినీ 111తోనే గుణించాడు. 88.8 మీటర్లు, 95.5 మీటర్లు వచ్చాయి. వాటిని హెచ్చవేస్తే 209 సెంట్ల పైన. ఆనందపురం అక్షాంశం 17.9 దగ్గర. అక్కడ ఉత్తర దక్షిణాలుగా డిగ్రీ 110.7 కిలోమీటర్లు, తూర్పు పడమరలుగా 106కి ఒక పిసరు తక్కువ. ఆ లెక్కన 88.5, 91.1 మీటర్లు. టేపులో వచ్చింది సరిగ్గా ఇదే. వైశాల్యం 199 సెంట్ల పైచిలుకు, తాతలు గొలుసుతో కొలిచినంతే. గట్టు ఎక్కడికీ పోలేదు. తాటిచెట్ల కింద కూర్చోబెట్టి కాగితం మీద వలయాలు గీసి చెప్పాను. కొనేవాళ్లకి వెంటనే అర్థమైంది. అమ్మే ఆయనకి పది సెంట్లు చేజారినంత బాధ. పక్క రైతుకి మాత్రం ఎవరూ ఒక్క మాట క్షమాపణ చెప్పలేదు. అది నాకు ఇప్పటికీ మంట.

"జీపీఎస్ అన్నాక నాలుగు మీటర్లు అటూ ఇటూ ఉంటుంది కదా" అని అక్కడొకరు అన్నారు. ఫోన్‌తో మూలలు తీస్తే నిజమే, అంత తప్పు మామూలే. అందుకే ఫోన్ కొలతతో సెంట్ల లెక్క కట్టకూడదు. కానీ ఆ తప్పుకి దిక్కు ఉండదు. ఒక మూల అటు జరుగుతుంది, ఇంకో మూల ఇటు జరుగుతుంది, మళ్లీ తీస్తే ఇంకోలా వస్తుంది. రేఖాంశం తప్పు అలా కాదు. ఎన్నిసార్లు తీసినా తూర్పు పడమరలే పెరుగుతాయి, ఉత్తర దక్షిణాలు కదలవు. పొలం రెండింతలు వెడల్పైతే తప్పు కూడా రెండింతలవుతుంది. మన ప్రాంతంలో ఏ కాగితంలోనైనా తూర్పు పడమర కొలతే టేపు కన్నా నాలుగైదు శాతం ఎక్కువ కనిపిస్తే, గట్ల జోలికి వెళ్లకముందు ఎవరు ఏ అంకెతో గుణించారో అడగండి.

నా కోపం ఆ కుర్రాడి మీద కాదు. బళ్లో 111 అనే అంకెని బట్టీ పట్టిస్తారు. పక్కనే "రేఖాంశాల మధ్య దూరం ధ్రువాల వైపు తగ్గును" అనే వాక్యాన్నీ బట్టీ పట్టిస్తారు. మన ఊరి దగ్గర ఎంతకి తగ్గిందో ఒక్క లెక్క చేయించరు. పదో తరగతిలో కొసైన్ నేర్పేది లెక్కల మాస్టారు, రేఖాంశం చెప్పేది సోషల్ మాస్టారు, ఆ రెండూ ఒక్కటేనని చెప్పే మాస్టారు లేడు. ఇరుసుకి మీ దూరం ఎంత తగ్గిందో చెప్పేదే కొసైన్. ఎక్సెల్‌లో ఇంతే:

```
=111.32*COS(RADIANS(17.9))
```

105.93 వస్తుంది. భూమి ఆకారాన్ని పూర్తిగా లెక్కలోకి తీసుకుంటే 105.96. తొంభై మీటర్ల గట్టు మీద ఆ తేడా నాలుగు సెంటీమీటర్లు కూడా ఉండదు. RADIANS మరిచిపోతే మాత్రం 65 దగ్గర ఏదో అంకె వస్తుంది. విశాఖలో 106కి దగ్గరగా రాకపోతే ఆ ఫార్ములాలో ఏదో పోయిందని తెలిసిపోవాలి.

అక్షాంశాల డిగ్రీ "మారదు" అన్నాను కానీ, కొద్దిగా మారుతుంది. భూమధ్యరేఖ దగ్గర 110.57 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 111.69. అంటే ధ్రువాల దగ్గర పెరుగుతుంది. భూమి అక్కడ నొక్కుకుపోయింది కదా, తగ్గాలి కదా అని చాలామంది అడుగుతారు. అక్షాంశం అనేది మీ నెత్తిమీద నిట్టనిలువు దిక్కు ఎంత వంగిందో చెప్పే కోణం. నేల చదునుగా ఉన్నచోట ఆ దిక్కు ఒక డిగ్రీ వంగాలంటే ఎక్కువ దూరం నడవాలి. ఈ ఒక్క కిలోమీటరు పైచిలుకు తేడాని పట్టుకోవడానికే ఫ్రాన్స్ వాళ్లు 1735లో ఒక బృందాన్ని పెరూ వైపు, 1736లో మొపెర్త్యూయి అనే శాస్త్రవేత్త నాయకత్వంలో ఇంకో బృందాన్ని ఉత్తరాన లాప్‌లాండ్‌కి పంపారు. లాప్‌లాండ్‌లో డిగ్రీ పొడవుగా తేలింది. భూమి ధ్రువాల దగ్గరే నొక్కుకుపోయిందని, నిలువుగా సాగలేదని అలా తేల్చారు. గొలుసులు, కొయ్య కడ్డీలతో కొలిచే రోజుల్లో మంచులో నిలబడి ఆ తేడా పట్టుకున్నారు. మనం రోవర్ చేతిలో పెట్టుకుని దానికన్నా ఎన్నో రెట్లు పెద్దదైన తేడాని వదిలేస్తున్నాం.

వైశాల్యం కావాలంటే డిగ్రీలతో కుస్తీ పట్టక్కర్లేదు కూడా. గూగుల్ ఎర్త్‌లో మూలలు పెట్టి పాలిగన్ గీస్తే అది ఈ సర్దుబాటు తనే చేసుకుంటుంది. సర్వే చేయిస్తే కోఆర్డినేట్లు డిగ్రీల్లో కాకుండా UTM అనే మీటర్ల పద్ధతిలో ఇమ్మని అడగండి. అప్పుడు రెండు దిక్కులా మీటరు మీటరే, మామూలుగా హెచ్చవేసుకోవచ్చు. ఆ పద్ధతిలో భూమిని నిలువు పట్టీలుగా, అంటే జోన్లుగా విడదీస్తారు, విశాఖకి జోన్ 44N పెట్టాలి. ఆ జోన్ 84 డిగ్రీల రేఖాంశం దగ్గర అయిపోతుంది కాబట్టి టెక్కలి, పలాస వైపు పొలమైతే 45N అడగండి. ఆ రెండు జోన్ల అంకెలు కలిపేసిన ప్లాన్ ఎవరైనా మీ చేతికిస్తే అక్కడికక్కడే వెనక్కి ఇచ్చేయండి.