అమ్మ పంపని మెసేజులు, మీరు మింగుతున్న బిళ్లలు

ప్రశ్న: అమ్మ (56 ఏళ్లు) పోయి మూడు నెలలైంది. షుగరు ఉండేది. ఆమె పాత ఫోనులో నాకు రాసి పంపని మెసేజులు దొరికాయి. తొమ్మిది రోజులవి. ‘మిద్దెక్కితే దవడ గుంజుతాంది, గ్యాస్ బిళ్ల ఏసుకున్యా, తగ్గింది’, ‘నీకు పరీక్షలు గదా, అయినాక చెప్తా’. చివరిది ‘రాత్రి పండుకోని ఉంటే గూడా వచ్చింది, చెమటలు’. మర్నాడే పోయింది. నిద్ర పట్టక రెండు నెలలుగా అమ్మకు రాసిచ్చిన అల్ప్రాజోలం 0.5 రోజూ వేసుకుంటున్నాను. ఈ మెసేజులు అన్నకు చూపించాలా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: ముందుగా ఆ బిళ్లల సంగతి చూడాలమ్మా. అల్ప్రాజోలం కొద్ది వారాలు రోజూ వేసుకుంటేనే శరీరం దానికి అలవాటు పడుతుంది. అలాగని ఈ జవాబు చదివి ఈ రాత్రే మానేయకండి. ఒక్కసారిగా ఆపితే వణుకు, తీవ్రమైన ఆందోళన, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. మోతాదును వారాల తరబడి మెల్లగా తగ్గించాలి, అది మిమ్మల్ని చూసిన వైద్యులే నిర్ణయించాలి. అంతవరకు మోతాదు పెంచవద్దు, దానితోపాటు మత్తు కలిగించే దగ్గు మందు తాగవద్దు. ఇంట్లో మిగిలిన మందులను ఎవరికి వారు వేసుకోవడం మా ఓపీలో రోజూ చూస్తున్నదే, చదువుకున్నవారూ ఇందుకు మినహాయింపు కాదు. బతకాలని లేదన్న ఆలోచన వస్తుంటే మాత్రం అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా వెంటనే 14416 (టెలి మానస్) నంబరుకు ఫోన్ చేయండి.

ఇక మెసేజుల విషయానికి వస్తే, ఈసీజీ చూడకుండా మరణ కారణాన్ని నేను నిర్ధారించలేను. అయితే మిద్దె ఎక్కినప్పుడు దవడ గుంజి, కూర్చుంటే తగ్గడం గుండెకు రక్తం చాలనప్పుడు కనిపించే లక్షణమే. దీర్ఘకాలంగా షుగరు ఉన్నవారిలో నరాలు దెబ్బతినడం వల్ల ఛాతీ నొప్పి తెలియకపోవచ్చు. అలాంటి దవడ నొప్పి విశ్రాంతి తీసుకుంటే కొన్ని నిమిషాల్లో దానంతటదే తగ్గుతుంది, పేరు మాత్రం గ్యాస్ బిళ్లకు వస్తుంది. మీ అమ్మగారు నమ్మినదీ, పరీక్షలయ్యాక చెబుదామని ఆగినదీ బహుశా ఇందుకే. అదే నొప్పి పడుకున్నప్పుడు చెమటలతో వచ్చిందంటే ఇక తెల్లవారేదాకా ఆగకూడదు, ఆ గంటలోనే 108కి ఫోన్ చేసి ఈసీజీ తీయించాల్సిన స్థితి అది. మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నా సరిపోదు, మళ్లీ తీయాలి, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ పరీక్షను కొన్ని గంటల తేడాతో రెండుసార్లు చేయాలి. పంపని మెసేజు మీకెలా తెలుస్తుంది? ఆ తప్పును మీ మీద వేసుకోకండి.

మీ అన్నగారికి తప్పకుండా చూపించండి. మీరు అడిగిన కారణం వేరు కావచ్చు, నేను చెబుతున్నది వైద్యపరమైన కారణం. తల్లికి 65 ఏళ్లలోపు గుండె జబ్బు వస్తే దాన్ని బిడ్డలకు ముప్పును పెంచే అంశంగా లెక్కిస్తాం. మీరిద్దరూ బీపీ, పరగడుపు షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకుని ఫిజీషియన్‌ను కలవండి. వెళ్లేటప్పుడు ఆ అల్ప్రాజోలం స్ట్రిప్పు వెంట తీసుకెళ్లి, ఎన్ని వేసుకున్నారో దాచకుండా చెప్పండి.