సోప్ నోట్‌లో "ఎ" దగ్గర ఆగిపోతున్నారా? ఒక పేషెంట్ వైటల్స్‌తో చూద్దాం

బొబ్బిలి నుంచి వచ్చి ఇంగ్లండ్‌లో నర్సింగ్ కోర్సు చదువుతున్న ఒక చెల్లి తన క్లాసు మెటీరియల్ పంపించి అడిగింది: "అక్కా, సోప్ నోట్‌లో ఎస్, ఓ, పి రాసేస్తున్నాను, ఎ దగ్గరే చెయ్యి ఆగిపోతోంది. జబ్బు ఏదో తేల్చేది డాక్టర్ కదా, మనం రాస్తే తప్పవదా? వైటల్స్ మామూలుగా లేవని తెలుస్తోంది గానీ అన్నీ కలిపి ఏం చెబుతున్నాయో పట్టుకోలేకపోతున్నాను."

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు సోప్ సంగతి తొందరగా చెప్పేస్తాను. 1960ల్లో లారెన్స్ వీడ్ అనే అమెరికన్ డాక్టర్, రికార్డు పేషెంట్ సమస్య చుట్టూ ఉండాలని ఒక పద్ధతి పెట్టారు, ఈ నాలుగు అక్షరాలు అందులోంచి వచ్చినవే. ఎస్ అంటే పేషెంట్ గానీ ఇంట్లోవాళ్లు గానీ చెప్పింది, ఓ అంటే మనం కొలిచింది, కళ్లతో చూసింది. ఎ అంటే ఆ రెండూ కలిపి చూస్తే మనకు అర్థమైంది, పి అంటే ఇప్పుడు ఏం చేస్తున్నాం, మళ్లీ ఎప్పుడు చూస్తాం అన్నది. చాలా వార్డుల్లో ఇప్పుడు ఇది కంప్యూటర్‌లోనే ఉంటుంది, పేర్లు కొంచెం మారినా వరస ఇదే.

నీ మెటీరియల్‌లో ఉన్నటువంటి కేసే ఒకటి తీసుకుందాం. 74 ఏళ్ల ఆవిడ, తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ అయ్యి ఇది మూడో రోజు. యూరిన్ క్యాథెటర్ ఉంది, బరువు 60 కిలోలు, ఆక్సిజన్ పెట్టలేదు. ఉదయం 6 గంటలకి శ్వాస నిమిషానికి 16, సాచురేషన్ 97, పల్స్ 82, పై బీపీ 134, టెంపరేచర్ 37.0. మనిషి చక్కగా మాట్లాడుతోంది. ఇక్కడ ఇంగ్లండ్‌లో న్యూస్-2 అనే స్కోరు వాడతాం, వైటల్స్ మామూలు నుంచి ఎంత తప్పితే అన్ని పాయింట్లు వేసే లెక్క అది. దాని ప్రకారం ఇది సున్నా.

10 గంటలకి శ్వాస 21, సాచురేషన్ 95, పల్స్ 96, బీపీ 118, టెంపరేచర్ 37.6.

ఇక్కడ ఆగి చూడు. జ్వరం లేదు, బీపీ పుస్తకంలో ఉన్నట్టే ఉంది, సాచురేషన్ 95 అంటే మన దగ్గర ఎవరూ కంగారు పడరు. ఈ రీడింగ్ పక్కనే చాలామంది "వైటల్స్ స్టేబుల్" అని రాసేస్తారు. కానీ స్కోరు వేస్తే శ్వాసకి 2, సాచురేషన్‌కి 1, పల్స్‌కి 1, మొత్తం 4. నాలుగు గంటల్లో సున్నా నుంచి నాలుగుకి వచ్చింది, అదీ ప్రతి అంకే చెడ్డ వైపుకే కదిలి. బీపీ 118 అన్నది వేరే ఎవరికైనా మంచి బీపీయే, ఈవిడకి మాత్రం పొద్దున్నుంచి 16 పాయింట్లు దిగిన బీపీ.

ఇందులో ఎక్కువ పాయింట్లు తెచ్చింది శ్వాస, మామూలుగా అన్నిటికంటే ముందు కదిలేదీ అదే, ఎందుకో అర్థమైతే మిగతాది సులువు. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ముదిరి కణాలకి రక్తం సరిగ్గా అందకపోతే లాక్టిక్ యాసిడ్ పెరుగుతుంది. ఆ యాసిడ్ భారం తగ్గించడానికి ఒంటికి వెంటనే దొరికే దారి ఊపిరితిత్తులు, ఎక్కువసార్లు ఊపిరి తీసి కార్బన్ డయాక్సైడ్‌ని బయటికి తోసేస్తుంది. ఉద్దానం వైపు కిడ్నీ పేషెంట్లని చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. డయాలసిస్ ఆలస్యమైన మనిషి ఊపిరితిత్తుల్లో ఏమీ లేకపోయినా లోతుగా, గబగబా ఊపిరి తీస్తూ ఉంటాడు కదా, అక్కడా యాసిడ్‌దే పని. అందుకే శ్వాస పెరిగిందంటే ఊపిరితిత్తుల గురించి ఒక్కటే ఆలోచించకూడదు.

మరి ఇంత ముందుగా చెప్పే అంకెనే మనవాళ్లు లెక్కపెట్టరు! బీపీకి మిషన్ ఉంది, పల్స్‌కి, సాచురేషన్‌కి వేలి క్లిప్పు ఉంది, శ్వాసకి మన కళ్లే ఉన్నాయి కాబట్టి అందరికీ 18 అని రాసుకుంటూ పోతారు. చార్టులో ఆరుగురు పేషెంట్లకీ రోజంతా 18 ఉంటే అది లెక్కపెట్టిన చార్టు కాదని ఇక్కడి సీనియర్లకి చూడగానే తెలిసిపోతుంది. పల్స్ చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, పేషెంట్‌కి చెప్పకుండా, ఛాతీ కదలిక నిండా ఒక నిమిషం లెక్కపెట్టు. చెబితే ఊపిరి మారిపోతుంది.

తర్వాతది పల్స్. రక్తనాళాలు వదులైనా, ఒంట్లో ద్రవం తగ్గినా గుండె ముందు వేగం పెంచి బీపీని నిలబెడుతుంది, ఇక నిలబెట్టలేని దశలో బీపీ పడుతుంది. కాబట్టి బీపీ పడేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. బిసోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ మాత్ర వేసుకునేవాళ్లలో పల్స్ అంతగా పెరగదు, వాళ్ల మందుల చార్టు చూడకుండా "పల్స్ బాగానే ఉంది" అనుకోకూడదు. పెద్దవాళ్లలో జ్వరం కూడా అంతే, ఇన్‌ఫెక్షన్ తీవ్రంగా ఉన్నా రాకపోవచ్చు. ఒళ్లు చల్లబడటం ఇంకా చెడ్డది: న్యూస్-2లో 39.1, ఆపైన జ్వరానికి 2 పాయింట్లయితే 35.0, అంతకంటే తక్కువకి 3 ఇచ్చారు.

మధ్యాహ్నం 2 గంటలకి మన పేషెంట్ శ్వాస 24, సాచురేషన్ 94, పల్స్ 114, బీపీ 102 బై 56, టెంపరేచర్ 38.2. పొద్దున్న మనవరాలి పేరు చెప్పిన మనిషి ఇప్పుడు తను ఇంట్లో ఉన్నాననుకుంటోంది. శ్వాసకి 2, సాచురేషన్‌కి 1, బీపీకి 1, పల్స్‌కి 2, టెంపరేచర్‌కి 1, కొత్తగా వచ్చిన కన్‌ఫ్యూజన్‌కి 3, మొత్తం 10. 7 గానీ, అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఎమర్జెన్సీ కింద లెక్క. ఈ కన్‌ఫ్యూజన్ అన్నది 2017లో న్యూస్-2 వచ్చినప్పుడు చేర్చారు, అంతకుముందు మెలకువగా ఉంటే చాలనుకునేవారు. "పెద్ద వయసు కదా, మతిమరుపు" అని వదిలెయ్యకూడదు, నిన్నటికి ఇవాళ్టికి తేడా ఉంటే అది కొత్తదే.

ఇప్పుడు నోట్. తేదీ, 14:05 అని టైము పెట్టు. రాసేది ఇంగ్లీషులోనే అయినా విషయం నేను తెలుగులో చెబుతున్నాను.

ఎస్ దగ్గర పేషెంట్ మాటలు ఉన్నవి ఉన్నట్టు కొటేషన్‌లో రాయి: "చలేస్తోంది, నన్ను ఇంటికి తీసుకెళ్లండి." తర్వాత కూతురు ఫోన్‌లో చెప్పింది: "అమ్మ ఉదయంలా లేదు, మాట కలవడం లేదు." మన జిల్లా ఆసుపత్రుల్లో మంచం పక్కనే ఇంట్లోవాళ్లు ఉంటారు, "మా అమ్మ ఏటోలా ఉందమ్మా" అని పరిగెత్తుకొచ్చి చెబుతారు. ఇక్కడ విజిటింగ్ టైములోనే వస్తారు, మిగతా సమయం ఆ కన్ను మనమే కావాలి, ఫోన్‌లో వాళ్లు అన్న మాటని కూడా సమాచారంగానే రాయాలి.

ఓ దగ్గర పై అంకెలన్నీ, న్యూస్-2 స్కోరు 10, 6 గంటలకి 0, 10 గంటలకి 4 అని ఆ ట్రెండ్ కూడా. గత నాలుగు గంటల్లో యూరిన్ 70 మిల్లీలీటర్లు, చిక్కగా, వాసనతో ఉంది. కిలోకి గంటకి అర మిల్లీలీటర్ చొప్పున 60 కిలోల మనిషికి నాలుగు గంటల్లో 120 అయినా రావాలి. ఆపరేషన్ గాయం పొడిగా ఉంది, డ్రెస్సింగ్ మీద రక్తం లేదు, పిక్క వాపు లేదు. లేనివి ఎందుకు రాయాలంటే, రక్తం పోతున్నా పల్స్ పెరిగి బీపీ పడుతుంది, ఊపిరితిత్తుల్లో గడ్డ అడ్డుపడినా శ్వాస పెరిగి సాచురేషన్ పడుతుంది. నువ్వు వాటి కోసం కూడా చూశావని తెలియాలి. చూసినంత మాత్రాన అవి లేవని తేలిపోదు, ఆ సంగతి డాక్టర్ చూసుకుంటారు. అదే మార్ఫిన్ ఎక్కువైతే బొమ్మ తిరగబడుతుంది, మత్తుగా ఉండి శ్వాస 8కి దిగుతుంది.

ఇక నీ సందేహం, ఎ. "పేషెంట్‌కి యూరిన్ ఇన్‌ఫెక్షన్, సెప్సిస్ ఉంది" అని రాస్తే అది రోగ నిర్ధారణ. "ఉదయం నుంచి క్షీణిస్తోంది, న్యూస్-2 0 నుంచి 10కి పెరిగింది, కొత్త కన్‌ఫ్యూజన్, యూరిన్ తగ్గింది, సెప్సిస్ అనుమానం, మూలం క్యాథెటర్ కావచ్చు, అత్యవసరంగా డాక్టర్ చూడాలి" అని రాస్తే అది నర్స్ చెయ్యాల్సిన ఎసెస్‌మెంట్. తేడా "అనుమానం" అన్న మాటలోనూ, దానికి కారణాలు పక్కనే ఉండటంలోనూ ఉంది. "పేషెంట్ బాగోలేదు" అని ఒక్క ముక్కతో వదిలేస్తే ఆ నోట్ చదివినవాళ్లకి నువ్వేం ఆలోచించావో తెలీదు, రేపు ఎవరైనా అడిగినా నీకు ఆధారం ఉండదు.

పి లో "డాక్టర్‌కి చెప్పాను" అన్నది సరిపోదు. ఏ డాక్టర్‌కి, ఎన్ని గంటలకి, ఏ అంకెలు చెప్పావు, వాళ్లేమన్నారు, ఎప్పుడు వస్తామన్నారు, అన్నీ కావాలి. 14:08కి రిజిస్ట్రార్ డాక్టర్‌కి ఫోన్, నర్స్ ఇన్‌చార్జికి చెప్పాను, క్రిటికల్ కేర్ అవుట్‌రీచ్ టీముని పిలిచాను, మానిటర్ పెట్టాను, గంటగంటకీ యూరిన్ కొలుస్తున్నాను, ఇలా. ఇంత స్కోరుతో సెప్సిస్ అనుమానం ఉన్నప్పుడు యాంటీబయాటిక్ గంటలోపు పడాలన్నది ఇక్కడి పద్ధతి, దానికి ముందు బ్లడ్ కల్చర్, లాక్టేట్ తీస్తారు. అందుకే నీ నోట్‌లో టైములు అంత ముఖ్యం. చెప్పిన టైముకి డాక్టర్ రాకపోతే మళ్లీ ఫోన్ చెయ్యి, పైవాళ్లకి చెయ్యి, అదీ రాయి. మనిషి ఇంకా దిగజారితే ఎవరి అనుమతీ అడగకుండా 2222కి కొట్టు, ఇక్కడి ఆసుపత్రుల్లో ఎమర్జెన్సీ టీముకి అదే నంబరు. "సార్‌ని మళ్లీ మళ్లీ ఇబ్బంది పెట్టడం ఎలా" అన్న మొహమాటం మనవాళ్లలో బాగా చూస్తాను. 10 స్కోరు దగ్గర దానికి చోటు లేదు.

స్కోరుకి హద్దులున్నాయని కూడా గుర్తుపెట్టుకో. 16 ఏళ్ల లోపు పిల్లలకి, గర్భిణులకి న్యూస్-2 వాడరు. సీఓపీడీ లాంటి జబ్బుతో ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ నిలిచిపోయేవాళ్లకి సాచురేషన్ రెండో స్కేలు ఉంటుంది, అందులో 88 నుంచి 92 లక్ష్యం. అది ఎవరికి వాడాలో డాక్టర్ నిర్ణయించి రాస్తారు, మనంతట మనం మార్చకూడదు. ఇంకోటి, మనలాంటి నల్లటి చర్మం ఉన్నవాళ్లలో వేలి క్లిప్పు ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు, చేతులు చల్లగా ఉన్నా, నెయిల్ పాలిష్ ఉన్నా రీడింగ్ తప్పొస్తుంది. అంకె బాగుండి మనిషి ఆయాసపడుతుంటే మనిషినే నమ్ము.

నోట్ అక్కడితో అయిపోదు. ఫ్లూయిడ్, యాంటీబయాటిక్ పడ్డాక మళ్లీ కొలిచి, కొత్త టైముతో కింద ఇంకో ఎంట్రీ రాయాలి: శ్వాస ఎంతకి దిగింది, బీపీ ఎంతకి లేచింది, యూరిన్ వస్తోందా, మాట కలుస్తోందా. హడావిడిలో వెంటనే రాయలేకపోతే తర్వాత రాసేటప్పుడు అది ఆలస్యంగా రాస్తున్నదని చెప్పి, జరిగిన టైము, రాసిన టైము రెండూ వెయ్యి. పాత ఎంట్రీని మాత్రం ముట్టుకోవద్దు, కాగితం మీదైతే తప్పుపడిన చోట చదవగలిగేలా ఒక్క గీత కొట్టి సంతకం, తేదీ, టైము పెట్టు.