ఒకే సీడ్‌తో వచ్చిన 1.2 శాతం
ప్రశ్న: భీమవరం, తణుకు వైపు చేలల్లో తీసిన వరి ఆకుల ఫొటోలతో తెగులు గుర్తించే మోడల్ చేశాం. టెస్ట్‌కి 500 ఫొటోలు. పాత మోడల్‌కి 91.2 వచ్చింది, అటెన్షన్ లేయర్ కలిపితే 92.4. రెండూ సీడ్ 42తోనే. అయినా పేపర్ పంపే ముందు సీడ్లు మార్చి మళ్లీ రన్ చెయ్యమంటున్నారు మా గైడ్ గారు. ఎందుకండీ?

జవాబు: 500లో 1.2 శాతం అంటే ఆరు ఫొటోలండి. అగ్గితెగులా, గోధుమరంగు మచ్చ తెగులా అని మనిషికే అనుమానం వచ్చే ఆకులు ఏ టెస్ట్ సెట్‌లోనైనా కొన్ని ఉంటాయి. మొదటి వెయిట్స్, బ్యాచ్‌ల వరస, డ్రాపవుట్ కాస్త మారితే చాలు, అలాంటివి ఇటునుంచి అటు పడిపోతాయి. వాటన్నిటినీ నడిపేది సీడే.

రెండింటికీ 42 పెట్టాం కాబట్టి పోటీ సమానం అనుకోకండి. చాలామంది పొరబడేది ఇక్కడే. సీడ్ ఇచ్చేది ఒక ర్యాండమ్ అంకెల వరస మాత్రమే. మీ కొత్త లేయర్ తన వెయిట్స్ కోసం అందులోంచి కొన్ని లాగేసుకుంటుంది. ఇక ఆ తర్వాత తయారయ్యే లేయర్లకు, విడిగా జనరేటర్ ఇవ్వకపోతే షఫుల్‌కి కూడా, వేరే అంకెలు అందుతాయి. పేరుకే 42, లోపల రెండూ వేర్వేరు రన్లు.

ఐదు సీడ్లతో నడిపితే ఇలా వచ్చాయనుకుందాం (మొదటి అంకె మీది, మిగతావి ఉదాహరణకి):

```
seed   42    1     2     3     4
old   91.2  90.6  91.8  92.4  90.4
new   92.4  91.0  91.6  90.8  92.0
```

సీడ్ 3 దగ్గర చూడండి, అటెన్షన్ లేకుండానే పాత మోడల్ 92.4 తెచ్చుకుంది. సగటులు 91.28, 91.56. అంటే తేడా 0.28. స్టాండర్డ్ డీవియేషన్లు 0.83, 0.67. సగటుల తేడాకి స్టాండర్డ్ ఎర్రర్ లెక్కగడితే దాదాపు 0.48 వస్తుంది. మీరు చూపించే లాభం కన్నా ఊగిసలాటే ఎక్కువ. ఇలా వస్తే లేయర్ పనికిరాదని కాదు, పనికొస్తుందని ఈ ఐదు రన్లు చెప్పలేవని అర్థం.

రన్ చేసేటప్పుడు సీడ్ ఒక్కటే మార్చండి. ట్రైన్, టెస్ట్ విభజన కదపొద్దు. సీడ్లు ముందే రాసి పెట్టుకుని, బాగా రానివాటిని తీసెయ్యకుండా అన్నీ టేబుల్‌లో వెయ్యండి. మీ మోడల్‌ని ఇరవైసార్లు సర్దుకుని, పాతదాన్ని ఒక్కసారే నడిపితే ఆ పోలిక కూడా చెల్లదు. దానికీ అన్నే ప్రయత్నాలు ఇవ్వాలి. `torch.backends.cudnn.deterministic = True` పెట్టాం కదా అంటారేమో. దానివల్ల అదే అంకె మళ్లీ రావడానికి వీలవుతుందంతే, ఆ అంకె అదృష్టం కొద్దీ వచ్చిందా అన్నది తేలదు.

ఒకే చేలో తీసిన ఫొటోలు ట్రైనింగ్‌లోనూ టెస్ట్‌లోనూ ఉంటే మాత్రం ఎన్ని సీడ్లు మార్చినా ఆ తప్పు బయటపడదండి. ముందు చేల వారీగా విడదీసి, ఆ తర్వాతే ఈ పది రన్లు మొదలుపెట్టండి.