సెలవు పొడిగింపు కోరే లేఖ గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మీ అమ్మకు ఈ రోజు, అంటే 12వ తేదీన, తుంటి ఎముక శస్త్రచికిత్స సవ్యంగా ముగిసిందని విన్నాక నా మనసు కుదుటపడింది. 15వ తేదీతో నీ సెలవు అయిపోతుందనీ, పొడిగింపు అడగాలనీ, ఏం రాయాలో తోచడం లేదనీ ఫోనులో అన్నావు. నువ్వు చదివి వినిపించిన చిత్తులో అమ్మ పరిస్థితి గురించి పదిహేను వాక్యాలు ఉన్నాయి, నీ పని గురించి మాత్రం "సహోద్యోగులు చూసుకుంటారు" అన్న ఒక్క మాటే ఉంది. నా అభిప్రాయంలో ఆ కొలత తలకిందులు కావాలి. మీ అధికారికి నీ కష్టం మీద అనుమానం ఉండదు. మొదటి సెలవు ఇచ్చినప్పుడే ఆయన దాన్ని ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆయనకు తెలియవలసినది, అనుకున్న రోజుకు నువ్వు ఎందుకు రాలేకపోతున్నావు, ఏ రోజున తప్పక వస్తావు, ఆలోపు నీ బల్ల మీది పని ఎవరి చేతికి వెళుతుంది అన్న మూడు సంగతులే.

మొదటిదానికి రెండు వాక్యాలు చాలు. 6వ తేదీన జరగవలసిన శస్త్రచికిత్స, రక్తపోటు అదుపులోకి రాకపోవడం వల్ల 12వ తేదీకి వాయిదా పడింది. పొడిగింపుకు అసలు కారణం ఆ వాయిదాయే కాబట్టి అదే రాయి. వైద్యుల నివేదికలన్నీ లేఖలో వర్ణించకుండా, కొత్త తేదీ ఉన్న ఆసుపత్రి పత్రం ఒక్కటి జత చేస్తే సరిపోతుంది.

తేదీల దగ్గర మాత్రం తొందరపడకు. "మరో వారం పది రోజులు" అని రాసిన లేఖను మంజూరు చేయడం ఎవరికైనా కష్టమే. కుట్లు 25న తీస్తారు, 26న వైద్యుడు మళ్లీ చూస్తారు, ఇంట్లో సాయానికి మాట్లాడుకున్న ఆమె 27న వస్తుంది. కాబట్టి నువ్వు 28వ తేదీ గురువారం విధుల్లో చేరగలవు. 18వ తేదీ సోమవారం నుంచి 27 వరకు సెలవు కావాలనీ, 28న చేరతాననీ రెండూ రాయి. మధ్యలో వచ్చే శని, ఆదివారాలను సెలవు లెక్కలో కలపాలా వద్దా అన్నది ఒక్కో చోట ఒక్కో విధంగా ఉంటుంది. అందుకే రోజుల సంఖ్య దగ్గర వాదన రాకుండా చేరే తేదీని స్పష్టంగా చెప్పడం మంచిది. మొహమాటపడి 22 వరకే అడిగి, ఆ తరువాత మళ్లీ ఇంకో పొడిగింపు అడిగావంటే, ఆ రెండో లేఖ నీ మొదటి లేఖ మీద ఉన్న నమ్మకాన్ని కూడా తినేస్తుంది.

ఇక పని అప్పగింత విషయం. కాగితం తీసుకొని 18 నుంచి 27 లోపు గడువు ఉన్న పనులు మాత్రమే రాసుకో. నువ్వు చెప్పినదాన్ని బట్టి ఆగనివి రెండే: 20న సరఫరాదారుల బిల్లుల చెల్లింపు, 25న జీతాల పట్టిక పంపడం. స్టాకు రిజిస్టరు సరిచూడడం నెలాఖరులోపు ఎప్పుడైనా చేయవచ్చు గనుక దాన్ని వేరొకరికి అప్పగించనక్కర లేదు, వచ్చాక 29న చేస్తానని రాస్తే చాలు. అన్నిటికీ ఎవరో ఒకరి పేరు రాయాలని చూడకు. ఆగగలిగిన పనిని ఆగుతుందని ధైర్యంగా రాస్తే, ఆగని పని గురించి నువ్వు రాసినదానికి విలువ పెరుగుతుంది.

పేరు రాసే ముందు ఆ మనిషిని అడుగు. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో నేను అడగకుండా పక్క బల్ల సహోద్యోగి పేరు రాసేశాను. ఆ వారమే ఆయన సెలవులో ఉండబోతున్న సంగతి నాకు తెలియదు. అధికారి ఆయన్ను పిలిచి అడిగినప్పుడు ఇద్దరి ముందూ నా లేఖ అబద్ధంగా తేలింది, నా సెలవు రెండు రోజులు ఆలస్యంగా మంజూరైంది. కాబట్టి నువ్వు ముందు ఫోను చేసి, ఫలానా తేదీన ఫలానా పని, సుమారు ఇన్ని గంటలు పడుతుంది అని చెప్పి, ఒప్పుకున్నాకే రాయి. ఒప్పుకున్నాక కూడా పని ఆగిపోయే చోటు ఒకటుంది: ఆ సహోద్యోగికి చెల్లింపుల ఫైలు తెరిచే అనుమతి ఉండకపోవచ్చు. నీ పాస్‌వర్డు మాత్రం ఎవరికీ ఇవ్వకు. ఆయనకు తాత్కాలిక అనుమతి ఇవ్వమని లేఖలోనే అధికారిని కోరు.

"ఆసుపత్రి నుంచే పని చేస్తాను" అని కూడా రాయకు. అమ్మను లేపి నడిపించే సమయంలో ఫోను మోగితే నువ్వు ఎత్తలేవు, అప్పుడు మాట తప్పినవాడివవుతావు. రోజుకు ఒక గంట, నిజంగా ఖాళీ ఉండే సమయం చెప్పు, అది సందేహాలకు మాత్రమే. ఇవన్నీ కలిపితే లేఖ ఇంతే అవుతుంది:

"గౌరవనీయులైన సెక్షన్ అధికారి గారికి,

విషయం: 18 నుంచి 27 వరకు సెలవు పొడిగింపు కోసం అభ్యర్థన.

మా అమ్మగారి శస్త్రచికిత్స నిమిత్తం ఈ నెల 4 నుంచి 15 వరకు నాకు సెలవు మంజూరు చేశారు. 6న జరగవలసిన శస్త్రచికిత్స రక్తపోటు కారణంగా వాయిదా పడి 12న జరిగింది. కుట్లు 25న తీసి, 26న వైద్యులు మళ్లీ పరీక్షిస్తారు. ఆమెను చూసుకునే మనిషి 27న వస్తారు. అందువల్ల 18 నుంచి 27 వరకు సెలవు పొడిగించవలసిందిగా కోరుతున్నాను. 28 ఉదయం విధుల్లో చేరతాను.

20న జరగవలసిన బిల్లుల చెల్లింపును, 25న పంపవలసిన జీతాల పట్టికను నా సహోద్యోగి (ఇక్కడ పేరు) చూడడానికి అంగీకరించారు. బిల్లుల జాబితాను, గత నెల పట్టికను వారికి 15వ తేదీలోపు అందజేస్తాను. చెల్లింపుల ఫైలుకు వారికి తాత్కాలిక అనుమతి ఇప్పించగలరు. స్టాకు రిజిస్టరును 29న నేనే సరిచూస్తాను. సందేహాలకు ప్రతి పనిదినం సాయంత్రం 4 నుంచి 5 వరకు ఫోనులో అందుబాటులో ఉంటాను. ఆసుపత్రి పత్రం జత చేశాను."

రాశాక మీ అధికారి స్థానంలో కూర్చుని ఒకసారి చదువు. "మరి దీని సంగతేమిటి?" అని అడగవలసిన పని ఇంకా ఏదైనా మిగిలితే అది లేఖలో లేదని అర్థం. రేపు ఉదయం ఆయనకు ఫోను చేసి, ఆ వెంటనే లేఖ పంపు. జవాబు రాకపోవడాన్ని మంజూరుగా అనుకోకు. 15 మధ్యాహ్నంలోపు రాతపూర్వకంగా ఏమీ రాకపోతే మళ్లీ అడుగు. మంజూరు కాని సెలవులో ఉండిపోతే చాలా చోట్ల దాన్ని అనుమతి లేని గైర్హాజరుగానే లెక్కిస్తారు. అన్ని రోజులూ ఇవ్వడం కుదరదని ఆయన అంటే, 20వ తేదీ ఒక్క రోజు వచ్చి చెల్లింపు పూర్తి చేసి వెళ్తానని అడిగి చూడు. ఆ రోజు చెల్లాయి దగ్గర నేను ఉంటాను.

రేపు ఉదయం ఏడు గంటలకు నేను ఆసుపత్రికి వస్తున్నాను. నువ్వు బయటకు వెళ్లి, ముందు సహోద్యోగితో, తరువాత అధికారితో తీరిగ్గా మాట్లాడుకో.

మీ మావయ్య