పాత నంబరు వేరొకరి చేతికి వెళ్తే బ్యాంకు డబ్బుకు ఎవరు బాధ్యులు?

ప్రశ్న: కువైట్‌లో 14 నెలలు పనిచేసి రాజోలు వచ్చేశానండి. రీచార్జ్ చేయక నా పాత నంబరు ఆగిపోయింది. ఇప్పుడు దానికి ఫోన్ చేస్తే పాలకొల్లులో ఒకాయన ఎత్తుతున్నారు. నా బ్యాంకు ఖాతాకూ, ఆధార్‌కూ అదే నంబరు ఉంది. నంబరు తిరిగి ఇప్పించుకోగలనా? లేదంటే ఆయన్నే అడిగి ఓటీపీ చెప్పించుకోవచ్చా? డబ్బు పోతే ఎవరిది బాధ్యత?

జవాబు: నంబరు తిరిగి రాదమ్మా. ఫోన్ నంబరు మన పొలం లాంటి ఆస్తి కాదు, వాడుకున్నన్నాళ్ళు వాడుకోనిచ్చేది. 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే ప్రీపెయిడ్ నంబరును కంపెనీ ఆపేయవచ్చు. ఆపేశాక కనీసం ఇంకో 90 రోజులు ఎవరికీ ఇవ్వకూడదు, ఆ తర్వాత ఇవ్వవచ్చు. ఇలా ఇవ్వడాన్ని ఆపమని ఒకరు సుప్రీంకోర్టుకు వెళ్తే 2023 నవంబరులో కోర్టు ఒప్పుకోలేదు. పాత నంబరుతో ఉన్న సమాచారం బయటపడకుండా చూసుకోవాల్సింది వాడకందారే అంది. పాలకొల్లు ఆయన ఆ నంబరును న్యాయంగానే కొనుక్కున్నారు. మీ ఓటీపీ ఆయన ఫోన్‌కు రావడం నేరం కాదు. దాన్ని మోసపూరితంగా వాడితే మాత్రం ఐటీ చట్టం 66సి కింద మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి.

ఆయన్ని ఓటీపీ మాత్రం అడగకండి. ఆయన మంచివారే కావచ్చు, కానీ రేపు డబ్బు పోతే "ఓటీపీలు మీరే ఇంకొకరితో పంచుకున్నారు" అని బ్యాంకు ఆ ఒక్క మాట పట్టుకుంటుంది. అసలు ఆ అవసరం కూడా లేదు. పాస్‌బుక్, గుర్తింపు కార్డు పట్టుకుని బ్రాంచికి వెళ్తే ఫారం మీదే నంబరు మారుస్తారు. ఆధార్ కేంద్రంలో వేలిముద్ర చాలు, పాత నంబరుకు వచ్చే ఓటీపీ అడగరు.

బ్యాంకు ఖాతా, ఆధార్ రెండూ ఒకే నంబరుకు ఉండటమే మీ విషయంలో నన్ను టెన్షన్ పెడుతోంది. ఆ సిమ్ ఉన్న ఫోన్‌లో యూపీఐ యాప్ వేస్తే మీ ఖాతా కనబడవచ్చు. పిన్ పెట్టాలంటే డెబిట్ కార్డు వివరాలు కావాలి, అవి ఆయన దగ్గర ఉండవు. అయితే ఆధార్‌తో కూడా పిన్ పెట్టుకునే వీలుంది. దానికి ఆధార్‌లోని మొదటి ఆరు అంకెలు తెలిసి, ఓటీపీలు వస్తే చాలు. ఆ ఓటీపీలన్నీ వచ్చేది అదే సిమ్‌కు.

అంబాజీపేట కొబ్బరి వ్యాపారి ఒకాయన ఇలాగే నష్టపోయి నా దగ్గరికి వచ్చారు. ఆయన పాత నంబరు తీసుకున్న కుర్రాడు "పాస్‌వర్డ్ మర్చిపోయాను" నొక్కి ఈయన మెయిల్ తెరిచాడు. అందులో ఎప్పుడో స్కాన్ చేసి పంపిన ఆధార్ కాపీ ఉంది. శనివారం రాత్రి 14,000 రూపాయలు పోయాయి. సోమవారం పొద్దున్నే ఆయన బ్రాంచిలో ఉత్తరం ఇచ్చి, నకలు మీద తేదీతో స్టాంపు వేయించుకున్నారు. అక్కడివాళ్ళు ఆ ఉత్తరం పక్కన పెట్టేశారు, ఖాతాలో యూపీఐ ఆపలేదు. బుధవారం ఇంకో 19,500 పోయాయి.

రిజర్వ్ బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, మోసం జరిగిందని ఖాతాదారు చెప్పిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుదే. బ్యాంకు నుంచి 30 రోజులు జవాబు లేకపోయేసరికి, బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాశాం, 19,500 జమయ్యాయి. మొదటి 14,000 దగ్గర మాత్రం పేచీ వచ్చింది. నంబరు మార్చకపోవడం మీ నిర్లక్ష్యమేనని బ్యాంకు వాదించింది. మూడు పనిదినాల్లో చెప్పాం కాబట్టి, తప్పు మీదీ మాదీ కాక మూడోవాడిది కాబట్టి మాకు బాధ్యత లేదని మేమన్నాం. నిర్లక్ష్యం రుజువు చేయాల్సిన భారం బ్యాంకుదే. అది తేలేలోపే కేసు పెట్టడంతో కుర్రాడి తండ్రి ఆ 14,000 తెచ్చి కట్టేశారు. ఆ స్టాంపు లేకపోతే 19,500 కూడా ఇదే పేచీలో ఇరుక్కునేది.

మీకు ఇంకా డబ్బు పోలేదు, అది అదృష్టం. రద్దయిన నంబర్ల జాబితా చూసి ఖాతాల్లో సరిచేయాలని 2025 జనవరిలో రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. వివాదం వస్తే అది మన వాదనకు బలం, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోకండి. రేపే బ్రాంచికి వెళ్ళి ఈ మాటలు రాసివ్వండి: "నా ఖాతాకు ఉన్న ఈ మొబైల్ నంబరు ఇప్పుడు నాది కాదు, వేరొకరి వాడకంలో ఉంది. ఈ రోజు నుంచి దానికి ఓటీపీలు పంపవద్దు, దానితో ఉన్న యూపీఐ, మొబైల్ బ్యాంకింగ్ ఆపండి, నా కొత్త నంబరు నమోదు చేయండి." అదే రోజు ఆధార్ కేంద్రానికి, ఇంటికొచ్చాక మెయిల్‌లో రికవరీ నంబరు మార్చడానికి సమయం పెట్టుకోండి. ఈలోపు ఒక్క రూపాయి కదిలినా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఉత్తరం రెండు కాపీలు తీసుకెళ్ళండి. "స్టాంపు అక్కర్లేదమ్మా, మేం చూసుకుంటాం" అంటే, అదే ఉత్తరాన్ని బ్రాంచి మేనేజరు పేరిట స్పీడ్ పోస్టులో పంపి రసీదు పాస్‌బుక్‌లో పెట్టుకోండి.